రొయ్యల చెరువు గట్టు మీద ఇంగ్లీషు నినాదం: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. రొయ్యల మేత అమ్మే కంపెనీ ఒకటి 'మోర్ హార్వెస్ట్, లెస్ వర్రీ' అని ఇంగ్లీషులో నినాదం రాయించుకుంది. దాన్ని ముత్తుకూరు, అల్లూరు, విడవలూరు వైపు గోడల మీదికి, అటు సింగరాయకొండ, కొత్తపట్నం దాకా మేత మూటల మీదికి తెలుగులో తేవాలి. పని మీకిచ్చారు. మీరు రాసిందేమిటంటే: 'ఎక్కువ కోత, తక్కువ చింత'.

చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నాలుగే మాటలు, లయ ఉంది, చివర ప్రాస కూడా కుదిరింది. ఇలాంటి అనువాదంతోనే అసలు ప్రమాదం, ఎందుకంటే ఆఫీసులో ఎవరికీ అనుమానం రాదు.

సమస్య 1: చదివినవాళ్లు నవ్వుతున్నారు, లేదా ఉలిక్కిపడుతున్నారు

ఈ నినాదాన్ని ఏ చెరువు రైతుకు చూపించినా వచ్చే మొదటి ప్రశ్న ఇదే: "ఏందన్నా ఇది, ఎక్కువ కోతంటే కరెంటు కోతా?"

కారణం: హార్వెస్ట్‌కు నిఘంటువు కోత అంటుంది. వరికి అది సరిపోతుంది. రొయ్యల్ని ఎవరూ కోయరు, పడతారు. చెరువు దగ్గర దాన్ని పట్టుబడి అంటారు. నీటికి గాలి అందించే ఏరేటర్లు కరెంటు మీద నడిచే చోట కోత అంటే ముందు గుర్తొచ్చేది కరెంటు పోవడం, దాని వెనకే డీజిల్ ఖర్చు. రెండోది, కొనేవాళ్లు కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయనే కౌంటు చూసి రేటులో పెట్టే కోత. అంటే మీ నినాదం గోడెక్కి రైతుకు రెండు కష్టాలు ఎక్కువిస్తామని చాటుతోంది.

పరిష్కారం: రాయకముందే ఆ వృత్తిలో రోజూ మసలే ఇద్దరు ముగ్గురికి మాట వినిపించండి. 'బాగుందా' అని అడగొద్దు. మొహమాటానికి బాగుందనే అంటారు. 'ఇది వింటే ఏం గుర్తొచ్చింది' అని అడగండి.

సమస్య 2: తప్పేమీ లేదు, కానీ ఎవరికీ పట్టడం లేదు

కోత తీసేసి 'ఎక్కువ పట్టుబడి, తక్కువ దిగులు' అని మార్చారనుకుందాం. అర్థం ఇప్పుడు పక్కా. అయినా గోడ మీద చప్పగా పడి ఉంటుంది.

కారణం: ఇంగ్లీషులో మోర్, లెస్ అనేవి పోలికను లోపలే దాచుకున్న చిన్న మాటలు. తెలుగులో పోలికకు విడిగా రూపం లేదు, 'కంటే' అని చెప్పుకోవాలి. అందుకే 'ఎక్కువ' అనగానే 'దేనికంటే?' అన్న ప్రశ్న వేలాడుతుంది. 'తక్కువ దిగులు' మరీ ఇబ్బంది. దిగులు పోదు, కాస్త తగ్గుతుందని ఒప్పుకున్నట్టుంటుంది. ఇంగ్లీషువాడికి ఊరటగా వినిపించేది ఇక్కడ సగం మాటలా వినిపిస్తుంది.

అనువాదానికీ, ట్రాన్స్‌క్రియేషన్ లేదా అనుసృజన అనే పనికీ దారులు వేరయ్యేది ఇక్కడే. అనువాదం 'ఈ మాటకు తెలుగేమిటి' అని అడుగుతుంది. అనుసృజన 'ఈ మాట అక్కడ ఏ పని చేస్తోంది, ఆ పనిని ఇక్కడ ఏది చేస్తుంది' అని అడుగుతుంది.

పరిష్కారం: మాటలు పక్కన పెట్టి, ఆ దిగులు ఎప్పుడు, ఎలా ఉంటుందో చూడండి. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ నాచుతో సహా చెరువులో ఉన్నదంతా ఆక్సిజన్ పీల్చుకునేదే. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. రొయ్యలు పైకి తేలుతాయేమో, ఏరేటరు ఆగుతుందేమో అని రైతు రాత్రంతా గట్టు మీద టార్చితో తిరుగుతాడు. అతని దిగులుకు రూపం నిద్ర లేకపోవడం. దానికి మనకు సిద్ధంగా ఉన్న పలుకుబడి 'కంటి నిండా నిద్ర'.

మరి పట్టుబడి మాటేమిటి? మేత వేసిన గంట, రెండు గంటలకు చెక్ ట్రే పైకి తీస్తారు. మేత మిగిలిందా అని చూస్తారు, ఒక రొయ్యను వెలుతురుకు ఎత్తి వీపు వెంట పేగు గీతలా తెగకుండా నిండి ఉందా అని చూస్తారు. పేగు నిండితే రొయ్య బాగా మేస్తున్నట్టు. దానికీ మన దగ్గర మాట ఉంది, 'కడుపు నిండా'. రెండూ కలిస్తే ఇదొస్తుంది:

రొయ్యకు కడుపు నిండా మేత,
రైతుకు కంటి నిండా నిద్ర.

పోలిక లేదు, 'చేయండి' అనే ఆజ్ఞా లేదు, అసలు క్రియే లేదు. ఇంగ్లీషు నినాదంలోని ఒక్క మాటా ఇందులో లేదు. ప్రాస కోసం వెతుక్కోలేదు, 'నిండా' రెండుసార్లు రావడం, రొయ్య, రైతు ఒకే హల్లుతో మొదలవడం చాలింది.

సమస్య 3: కంపెనీ ఒప్పుకోదు

"మా నినాదంలో నిద్ర ఎక్కడుంది? హార్వెస్ట్ ఏమైంది?" అని మెయిలొస్తుంది. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు తెలుగు రాకపోతే మీ మాట ఎందుకు నమ్మాలి?

ఒక్క వాక్యం పంపడమే ఇక్కడి పొరపాటు. రెండు మూడు ప్రత్యామ్నాయాలు పంపండి. ప్రతిదానికీ మాటకు మాటగా ఇంగ్లీషులోకి వెనక్కి తిప్పిన పాఠం ఒకటి, ఎందుకిలా రాశారో రెండు మూడు వాక్యాల వివరణ ఒకటి జతచేయండి. వెనక్కి తిప్పిన పాఠానికి నగిషీలు చెక్కకండి, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. ఎక్కువ దిగుబడి సంగతి నినాదంలోంచి తీసి కరపత్రం లోపలి మాటల్లోకి పంపామని సూటిగా చెప్పండి. ఈ పనికి మాటల లెక్కన డబ్బు తీసుకోకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఎనిమిది మాటలకు రేటు కడితే వచ్చేది టీ ఖర్చు. గంటల లెక్కనో, పని మొత్తానికో మాట్లాడుకోండి.

సమస్య 4: నినాదం బాగా పేలింది, ఇప్పుడదే మెడకు చుట్టుకుంటోంది

అనుసృజనకు ఉండే జబ్బు ఇది. స్వేచ్ఛ దొరికింది కదా అని 'చెరువు నిండా రొయ్యలు, జేబు నిండా డబ్బులు' అని రాసేస్తారు. చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ మేత మంచిదైనంత మాత్రాన తెల్లమచ్చ వైరస్ ఆగదు, రేటు పడిపోకుండా ఉండదు. ఇంగ్లీషులో లేని హామీ తెలుగులో పుట్టింది. ప్రకటనలోని హామీకి ఆధారం ఉండాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. ఆ హామీ ఏ భాషలో ఉన్నా అంతే. పైగా 'చెరువు నిండా' అంటే రొయ్య పిల్లను ఒత్తుగా వదలమన్నట్టూ వినిపిస్తుంది. వనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లలు మించకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాలున్న చోట ఆ ధ్వని అసలు పనికిరాదు.

కాబట్టి నినాదంలో వస్తువు చేయగలిగిన పని దాటి ఏముందో గీత గీయండి. మన వాక్యంలో మేత ఉన్న సగం నిలుస్తుంది. నిద్ర ఉన్న సగం కొంచెం సాగదీతే, కానీ దాన్ని ఎవరూ కిలోల్లో కొలవరు. కంపెనీ టెక్నీషియన్‌కు కూడా చూపించండి. కడుపు నిండా అంటే మేత గుమ్మరించమని కాదు కదా అని ఆయన అడిగితే, మేత పట్టిక పక్కనే అచ్చు వేయమనండి.

సమస్య 5: గోడ మీద పట్టడం లేదు

హైవే మీద కావలి దాటే బస్సులోంచి ఆ రెండు పంక్తులూ చదవడానికి టైముండదు. గోడకు కురచ రూపం వేరే ఉంచుకోండి: 'రొయ్యకు మేత, రైతుకు నిద్ర'. రెండు వరుసల్లో రాస్తే మధ్య ఖాళీ ఇంగ్లీషు డిజైన్‌లో ఉన్నంతే వదలొద్దు. పై వరుసలోని యవత్తు కిందికి దిగి రైతు నెత్తిన కూర్చుంటుంది.

ఈ స్వేచ్ఛంతా నినాదం వరకే. మూట మీది ప్రోటీన్ శాతం, నికర బరువు, తయారీ తేదీ, నిల్వ సూచనలు మాత్రం మక్కీకి మక్కీ దించాల్సిందే.