నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ప్రశ్నకు బొమ్మ గీసి జవాబు రాయడం ఎలా?

హార్మోన్ల నియంత్రణపై వచ్చిన జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఒకటి ఉంది. చక్కెర నియంత్రణ బొమ్మలో కూడా పీయూష గ్రంథిని గీసి, దాని నుంచి క్లోమానికి ఒక బాణం వేసేస్తారు. థైరాయిడ్ బొమ్మను కంఠస్థం చేసి, అదే అచ్చును అన్నింటికీ వాడడం వల్ల ఈ పొరపాటు వస్తుంది. అందుకే బొమ్మ గీయడానికి ముందు, ఈ వలయంలో శరీరం దేన్ని కొలుస్తోంది అని ప్రశ్నించుకోవాలి.

ముందుగా రక్తంలోని చక్కెరను తీసుకుందాం. ఇక్కడ కొలిచేది గ్లూకోజును. కొలిచేవి క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికల కణాలే. పరగడుపున ఆరోగ్యవంతుల రక్తంలో డెసిలీటరుకు సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. అన్నం తిన్నాక అది పెరగగానే బీటా కణాలు ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి; దాని ప్రభావంతో కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి, కాలేయం దాన్ని గ్లైకోజెన్‌గా నిల్వ చేస్తుంది. గ్లూకోజు తగ్గిన కొద్దీ బీటా కణాలకు అందే ప్రేరణ కూడా తగ్గి, ఇన్సులిన్ విడుదల నెమ్మదిస్తుంది. చక్కెర మరీ తగ్గితే ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను వదులుతాయి. అప్పుడు కాలేయం గ్లైకోజెన్‌ను విడగొట్టి గ్లూకోజును రక్తంలోకి పంపుతుంది.

ఇప్పుడు బాణాలకు గుర్తులు వేయండి. మొదటిది పెరిగితే రెండోది కూడా పెరిగే చోట కూడిక గుర్తు, మొదటిది పెరిగితే రెండోది తగ్గే చోట తీసివేత గుర్తు పెట్టాలి. గ్లూకోజు నుంచి ఇన్సులిన్‌కు కూడిక. ఇన్సులిన్ నుంచి తిరిగి గ్లూకోజుకు తీసివేత. వలయం మొత్తంలో తీసివేత గుర్తులు బేసి సంఖ్యలో ఉంటే అది నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. గ్లూకగాన్ వలయంలో గ్లూకోజు నుంచి గ్లూకగాన్‌కు తీసివేత, గ్లూకగాన్ నుంచి గ్లూకోజుకు కూడిక ఉంటాయి కాబట్టి అదీ నెగెటివే. అది చక్కెరను పెంచుతుంది కదా, పాజిటివ్ అనాలి కదా అని చాలామంది తికమకపడతారు; నెగెటివ్ అంటే తగ్గించడమని కాదు, వచ్చిన మార్పును ఎదుర్కోవడమని అర్థం.

థైరాయిడ్ సంగతి వేరు. ఇక్కడ కొలిచేది హార్మోన్‌నే. హైపోథలామస్ నుంచి వచ్చే టీఆర్‌హెచ్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ను ప్రేరేపిస్తాయి. థైరాయిడ్ టీ4, కొంత టీ3 విడుదల చేస్తుంది. రక్తంలో ఇవి పెరిగితే పై రెండింటి మీదా బ్రేకు పడుతుంది. కాబట్టి కిందికి దిగే బాణాలన్నింటికీ కూడిక, పైకి వెళ్లే రెండింటికీ తీసివేత పెట్టండి. ఆ రెండూ వేర్వేరు వలయాలను మూసేవి గనుక ఒక్కో వలయంలో తీసివేత ఒక్కటే ఉంటుంది.

బొమ్మ సరిగా గీశారో లేదో తెలుసుకోవడానికి దాన్ని ఒక చోట తెంపి చూడాలి. ఉదాహరణకు ఆహారంలో అయోడిన్ చాలా తక్కువైందనుకోండి. అయోడిన్ లేనిదే టీ4 తయారు కాదు, కాబట్టి అది తగ్గుతుంది. బ్రేకు సడలడంతో టీఎస్‌హెచ్ పెరుగుతుంది. ఆ ప్రేరణ నెలల తరబడి కొనసాగడంతో గ్రంథి ఉబ్బి గాయిటర్ వస్తుంది. గ్రంథి పెరిగినా ముడిసరుకు లేదు కనుక హార్మోన్ మాత్రం కావలసినంత రాదు.

ఇదే పద్ధతిలో రిపోర్టు ప్రశ్నకూ జవాబు రాయవచ్చు. టీఎస్‌హెచ్ సాధారణంగా లీటరుకు సుమారు 0.4 నుంచి 4 మిల్లీ యూనిట్లు ఉంటుంది. ఒక వ్యక్తికి అది 18, టీ4 తక్కువ అని ఇస్తే, పైనుంచి ఆజ్ఞ గట్టిగానే వస్తోంది, థైరాయిడ్ స్పందించడం లేదు. అంటే లోపం థైరాయిడ్‌లోనే ఉంది. టీ4 తక్కువైనా టీఎస్‌హెచ్ పెరగకపోతే లోపాన్ని పీయూష గ్రంథిలో గాని, హైపోథలామస్‌లో గాని వెతకాలి. టీ4 ఎక్కువ, టీఎస్‌హెచ్ దాదాపు సున్నా అయితే బ్రేకు బాగానే పనిచేస్తోంది, థైరాయిడ్ దాన్ని లెక్కచేయడం లేదు. గ్రేవ్స్ వ్యాధిలో జరిగేది ఇదే: ప్రతిరక్షకాలు టీఎస్‌హెచ్ గ్రాహకాలకు అతుక్కుని గ్రంథిని ప్రేరేపిస్తూనే ఉంటాయి, వాటి మీద మాత్రం పీయూష గ్రంథికి అదుపు లేదు.

రెండు వలయాలను పోల్చమంటే వేగాన్ని తప్పక రాయండి. రక్తంలో ఇన్సులిన్ కొద్ది నిమిషాల్లోనే సగానికి తగ్గుతుంది. టీ4 సగానికి తగ్గడానికి సుమారు ఒక వారం పడుతుంది. అందుకే థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక, టీఎస్‌హెచ్ కొత్త స్థాయిలో కుదురుకోవడానికి వ్యవధి ఇచ్చి, దాదాపు ఆరు వారాల తర్వాతే వైద్యులు మళ్లీ రక్తపరీక్ష చేయిస్తారు.