బొమ్మల పుస్తకంలో మలుపు ముందే బయటపడిపోతుంటే: కారణాలు, పరిష్కారాలు

సమస్య: కథను నోటితో చెప్పినప్పుడు పిల్లలు "తర్వాత ఏమైంది?" అని అడుగుతారు, కానీ అదే కథను అచ్చయిన పుస్తకంలో చూపిస్తూ చదివితే, అసలు మలుపు వచ్చే చోట వారిలో ఏ కదలికా ఉండదు. ఇలా జరిగినప్పుడు చాలామంది రచయితలు వెంటనే వాక్యాలు దిద్దడం మొదలుపెడతారు, లేదా చిత్రకారుణ్ని బొమ్మ మార్చమని అడుగుతారు. నా దగ్గరకు వచ్చే పుస్తకాల్లో ఎక్కువ వాటికి ఈ రెండూ అవసరం లేదు. కాగితం మడిచి డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చేసి చూశారా అని అడిగితే, చూడలేదనే సమాధానం వస్తుంది. ఇంత సులువైన పరీక్షను పక్కన పెట్టి, బాగున్న వాక్యాలను పాడుచేసుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

మొదట చేయవలసిన పరీక్ష: ఎనిమిది తెల్ల కాగితాలను ఒకదానిపై ఒకటి పేర్చి మధ్యకు మడిస్తే 32 పేజీల చిన్న పుస్తకం తయారవుతుంది. అందులో ప్రతి పేజీకి అంకె వేయండి. ఒకటో పేజీ కుడివైపున ఒంటరిగా ఉంటుంది. ఆ తర్వాత 2-3, 4-5, 6-7 ఇలా జంటలుగా ఎదురెదురుగా తెరుచుకుంటూ, చివరికి 32వ పేజీ ఎడమవైపున మళ్లీ ఒంటరిగా మిగులుతుంది. అంటే బేసి అంకె ఎప్పుడూ కుడివైపే, సరి అంకె ఎప్పుడూ ఎడమవైపే. ముద్రణలో పెద్ద కాగితాన్ని మడిచి 8 లేదా 16 పేజీల కట్టలుగా చేస్తారు కాబట్టి 24, 32 వంటి సంఖ్యలు వాడుకలో నిలిచాయి. పేరుకు 1వ పేజీ, ప్రచురణ వివరాలకు 2, అంకితానికి 3 పోతే, కథకు 4-5 నుంచి 30-31 వరకు 14 జంటలు, చివర ఒక విడి పేజీ మిగులుతాయి. అట్ట లోపల అతికించే కాగితాలను కూడా ఈ 32లోంచే తీసుకుంటే కథకు 12 జంటలే దక్కుతాయి. అందువల్ల ఆ విషయాన్ని ప్రచురణకర్తతో ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు కథలోని ప్రతి ప్రశ్నకు, దాని జవాబుకు డమ్మీలో గుర్తు పెట్టండి. ప్రశ్న కుడి పేజీలో, అంటే బేసి అంకె మీద పడాలి, జవాబు ఆ కాగితం తిప్పాక వచ్చే సరి అంకె మీద పడాలి. రెండూ ఎదురెదురుగా ఉంటే ఆ మలుపు ఇక లేనట్లే. ఎందుకంటే చదవడం రాని పిల్లలు పెద్దవారు ఎడమ పేజీలో మాటలు చదువుతుండగానే రెండు పేజీల బొమ్మలనూ చూసేస్తారు.

అంత తేలికగా దొరకని కారణం: ఒక్క పేజీ జరగడం. రచయిత మొదట అన్నీ సరిగ్గానే అమర్చుకున్న పుస్తకాల్లో కూడా ఈ దోషం వస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మీనా అనే పాప అటక మీది పెట్టెలో ఏదో చప్పుడు వింటుంది. 11వ పేజీలో ఆమె మూత మీద చేయి వేస్తుంది, కాగితం తిప్పితే 12వ పేజీలో పిల్లికూనలు కనిపిస్తాయి. కథ 4వ పేజీలో మొదలవుతుంది కాబట్టి ఇది చక్కగా పనిచేస్తుంది. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు, అంకితం రెండు పంక్తులే కదా అని ఎవరో దానిని 2వ పేజీలోని ప్రచురణ వివరాల కిందకు చేర్చి, కథను 3వ పేజీ నుంచే ప్రారంభిస్తారు. ఆ ఒక్క మార్పుతో కథ మొత్తం ఒక పేజీ ముందుకు జరుగుతుంది. మూత మీద చేయి 10వ పేజీకి, పిల్లికూనలు 11వ పేజీకి వచ్చి ఎదురెదురుగా నిలుస్తాయి. ఏ వాక్యమూ మారలేదు, ఏ బొమ్మా మారలేదు, అయినా మలుపు పోయింది.

రెండు పేజీలకూ పరుచుకున్న పెద్ద బొమ్మ ఒక్కటైనా ఉంటే, అది రెండు ముక్కలై కాగితానికి అటూ ఇటూ పడుతుంది కాబట్టి తప్పు వెంటనే పట్టుబడుతుంది. పేజీకి ఒక్క బొమ్మ చొప్పున వేసిన పుస్తకంలో మాత్రం ఇది ఎవరి కంటా పడకుండా అచ్చువరకు వెళ్లిపోతుంది. కంప్యూటర్ తెర కూడా ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పీడీఎఫ్‌ను ఒక్కో పేజీగా కిందికి జరుపుతూ చూస్తే ప్రతి బొమ్మా విడిగా వస్తుంది కాబట్టి మలుపు బాగానే ఉన్నట్లు అనిపిస్తుంది. రెండేసి పేజీలుగా చూసినా అక్రోబాట్ మామూలుగా 1-2, 3-4 అని తప్పు జంటలు చూపవచ్చు. `Show Cover Page in Two Page View` అన్నది ఎంచుకుంటేనే 1వ పేజీ విడిగా నిలిచి, మిగిలినవి పుస్తకంలో ఉన్నట్లు జతపడతాయి. లోపలి పేజీల ఫైలును మాత్రమే తెరిచి చూడాలి, అట్టను కూడా అందులో కలిపితే లెక్క మళ్లీ తప్పుతుంది.

పరిష్కారం: కథను దిద్దకుండా, పోయిన ఆ ఒక్క పేజీని కథకు ముందే తిరిగి నింపండి. అంకితాన్ని 3వ పేజీకి తిరిగి పంపవచ్చు. నాకు ఇంకా నచ్చే మార్గం మాటలు లేని బొమ్మ. మీనా ఇంటి నిచ్చెన, పైన చీకటిగా అటక, నిచ్చెన మెట్టు మీద చిన్న పాదముద్ర, అంతే. కథ మధ్యలో పేజీ చేర్చవలసి వస్తే ఒకటి కాకుండా రెండు చేర్చాలి, తీసేటప్పుడూ రెండు తీయాలి, ఆ మేరకు మరోచోట రెండు పేజీలను సర్దుకోవాలి. మార్పు జరిగిన ప్రతిసారీ కొత్త డమ్మీ మడవాలి, పాత డమ్మీలో అంకెలు కొట్టివేసి దిద్దడం సరిపోదు.

పేజీలు సరిగ్గానే ఉన్నా మలుపు నిలవకపోతే: మాటలు బొమ్మ పనిని చేస్తున్నాయేమో చూడండి. "ఎర్ర గౌను వేసుకున్న మీనా నీలం పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని మూత మీద చేయి వేసింది" అన్న వాక్యంలో రంగులు, భంగిమ, చోటు అన్నీ బొమ్మలో కనిపించేవే. వాటిని తీసివేసి "లోపల ఎవరో గోకుతున్నారు" అని మాత్రమే ఉంచితే, బొమ్మ చెప్పలేని చప్పుడును మాట చెబుతుంది. చప్పుడు, వాసన, గడిచిన సమయం, మనసులోని మాట వాక్యానికి చెందుతాయి, రూపం, రంగు, ఉన్న చోటు బొమ్మకు చెందుతాయి. మీనా చూడని తోక ఒకటి ఆమె వెనుక గుమ్మంలో కనిపిస్తే, దాని గురించి మాటల్లో ఏమీ చెప్పకండి, పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. అలాంటి సంగతులను ప్రతిలో చిత్రకారుడికి సూచనగా, కథ మాటలతో కలవకుండా విడిగా రాయాలి.

నిడివి విషయంలో ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలకు సాధారణంగా చెప్పే 500 పదాల హద్దును యథాతథంగా పట్టుకోకండి. తెలుగులో విభక్తులు పదానికే అంటుకుంటాయి కాబట్టి అదే విషయం తక్కువ పదాల్లో పడుతుంది, ఆ పదాలు మాత్రం పొడవుగా ఉంటాయి. జంటకు రెండు మూడు చిన్న వాక్యాలు ఉంచి, డమ్మీ తిప్పుతూ బిగ్గరగా చదవండి. పిల్లల చేయి కాగితం అంచును ముందే పట్టుకుంటే, ఆ జంటలో మాటలు ఎక్కువైనట్లే.

మిగిలిన కారణాలు అరుదు. కుట్టు దగ్గర పిల్లికూన ముఖం మడతలో కలిసిపోతే, ముఖాలను మధ్య గీతకు దూరంగా జరపమని చిత్రకారుణ్ని కోరండి. అట్ట మీదే పిల్లికూనలు ఉంటే లోపల ఏం చేసినా లాభం లేదు, అట్ట బొమ్మ మార్చండి.