తడిగుడ్డ పెట్టేముందు: విట్రిఫైడ్, లామినేట్ నేలలకు జాగ్రత్తలు

☐ ముందు పొడిగా ఊడ్చండి. మాప్ కింద ఇసుక ఉంటే గీతలు పడతాయి.

☐ క్లీనర్‌ను మూతతో కొలిచి, సీసా మీద రాసినంతే కలపండి. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. విట్రిఫైడ్ టైల్ నీళ్లను దాదాపుగా పీల్చదు. అందుకే ఎక్కువైన క్లీనర్ లోపలికి ఇంకక, నీళ్లు ఆరాక పైనే పొరలా మిగిలిపోతుంది. సబ్బు రకమైతే బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. మైనం ఉన్న షైనింగ్ క్లీనర్లూ ఇంతే, వాటిని కొనకండి.

మా హాలు ఇలాగే మసకబారితే పాలిష్ పోయిందని టెన్షన్ పడ్డాం. ఒక్క టైల్‌ను గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో రుద్దాను. అదొక్కటే అద్దంలా మెరిసింది. అంటే మసకంతా పేరుకున్న క్లీనరే.

☐ రెండో బకెట్లో మంచినీళ్లు పెట్టుకోండి, చివరి తుడుపు దానితోనే.

☐ లామినేట్‌కు మాప్‌ను చుక్క కారనంతగా పిండండి. పలక లోపల ఉండేది నొక్కి గట్టిపరిచిన చెక్కపీచు. అతుకుల్లోంచి నీళ్లు దిగితే అంచులు ఉబ్బుతాయి, మళ్లీ చదునవ్వవు. తడి ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. స్టీమ్ మాప్ అసలు వద్దు.

☐ యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.