థైరాయిడ్‌ను మనమే అర్థం చేసుకుందాం – 4వ భాగం: జుట్టు, చర్మం, మనసు... మాత్రతో ఏది తగ్గుతుంది?

పోయిన భాగంలో, థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్‌నీ, రక్తంలో ఆ హార్మోన్ ఎంతుందో చెప్పే ఫ్రీ టీ4నీ రిపోర్టులో ఎలా చదవాలో చూశాం. ఈసారి పని, మనకున్న బాధల్లో ఏది థైరాయిడ్ ఖాతాలో వేయాలి, ఏది వేయకూడదు అని తేల్చుకోవడం. థైరాయిడ్ అని తెలిసిన రోజు నుంచి మోకాలి నొప్పి దగ్గర్నుంచి అత్తగారి మీద వచ్చే కోపం దాకా అన్నీ దాని మీదికే తోసేస్తాం కదా, అక్కడే తేడా కొడుతుంది.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనప్పుడు వేసుకునే మాత్ర వల్ల ఎంత మేలు జరుగుతుందనేది, మొదట్లో హార్మోన్ ఎంత తక్కువగా ఉందనే దాన్ని బట్టి ఉంటుంది. టీఎస్‌హెచ్ 40 ఉండి ఫ్రీ టీ4 బాగా పడిపోయినవాళ్లకి తేడా కళ్లకు కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ 6 ఉండి ఫ్రీ టీ4 మామూలుగానే ఉన్నవాళ్లకి చాలాసార్లు ఏ తేడా తెలియదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు, 2017లో వచ్చిన ట్రస్ట్ అనే యూరప్ పరీక్షలో ఇలాంటి స్వల్ప తేడా ఉన్న 65 ఏళ్లు దాటినవాళ్లు 737 మందిలో కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, ఏడాది తర్వాత నీరసంలో గానీ మిగతా థైరాయిడ్ లక్షణాల్లో గానీ రెండు గుంపులకీ తేడా లేదు. అసలు మాత్ర వేసుకున్నవాళ్లకి టీఎస్‌హెచ్ అంకె మాత్రం తగ్గింది.

ఇప్పుడు ఒక ఉదాహరణ కల్పించుకుని చివరిదాకా నడుపుదాం. గుంటూరులో ఒకావిడ, 36 ఏళ్లు, బరువు 60 కిలోలు, గుండె జబ్బు లేదు. టీఎస్‌హెచ్ 42, ఫ్రీ టీ4 0.5. చెప్పిన బాధలు: దువ్వెన నిండా జుట్టు, మోచేతులు గరుకుగా పొడిబారడం, సాయంత్రానికి ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం. డాక్టర్ కిలోకి సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన 100 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ రాశారు. (వయసు పైబడినవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇలా ఒకేసారి మొదలుపెట్టరు, 12.5 లేదా 25తో మొదలుపెట్టి పెంచుతారు, కాబట్టి ఈ లెక్క చూసి మీ డోసు మీరే మార్చుకోకండి.)

ముందుగా దారికొచ్చేది చర్మం. హార్మోన్ తక్కువైతే చెమట, చర్మంలోని నూనె రెండూ తగ్గుతాయి, చర్మానికి రక్తం కూడా తక్కువగా అందుతుంది, అందుకే పొడిగా, చల్లగా, కాస్త పాలిపోయి ఉంటుంది. మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాల్లో ముఖం ఉబ్బు దిగుతుంది, రెండు మూడు నెలలకి మోచేతులు మెత్తబడతాయి. మడమల పగుళ్లకి ఇంకాస్త టైమ్ పడుతుంది. ఈలోపు స్నానం చేసి ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరి నూనో మాయిశ్చరైజరో రాసుకోవడంలో తప్పేం లేదు, అది మాత్రకి అడ్డు రాదు. కానీ పిక్కల మీద చేప పొలుసుల్లా చిన్నప్పటి నుంచీ ఉంటే, లేదా ఎర్రగా దద్దురుతో దురద ఉంటే, అది థైరాయిడ్ పని కాదు, స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక జుట్టు. ఎక్కువమంది ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. హార్మోన్ తగ్గినప్పుడు వెంట్రుకలు మామూలుకంటే ఎక్కువ సంఖ్యలో పెరగడం ఆపేసి విశ్రాంతి దశలోకి పోతాయి, ఆ దశ దాదాపు మూడు నెలలు ఉంటుంది, ఆ తర్వాత రాలతాయి. అంటే ఈ రోజు చేతికొచ్చిన వెంట్రుక దాదాపు మూడు నెలల కిందటి లెక్క. కాబట్టి మాత్ర మొదలుపెట్టాక కూడా కొన్ని వారాలు రాలుతూనే ఉంటుంది. మాత్ర వల్లే ఊడుతోందని ఈ దశలో మానేసేవాళ్లు చాలామంది ఉంటారు, దాంతో కథ మళ్లీ మొదటికొస్తుంది.

జుట్టు చూసుకునే పద్ధతి ఇది. ఒకరోజు తలస్నానం ఆపి, సుమారు 60 వెంట్రుకల పాయని వేళ్ల మధ్య పట్టుకుని కుదుళ్ల నుంచి చివర దాకా మెల్లగా లాగండి. ఆరు కంటే ఎక్కువ వస్తే రాలడం ఇంకా జోరుగానే ఉందని అర్థం. తల మొత్తం మీద నాలుగు చోట్ల ఇలా చేయండి. అన్నిచోట్లా ఒకేలా వస్తే థైరాయిడ్ మీద అనుమానం నిలుస్తుంది. కనుబొమ్మల బయటి చివర పలచబడితే ఇంకొంచెం బలపడుతుంది. అలాకాక పాపిడి మాత్రమే వెడల్పవుతుంటే అది వంశపారంపర్యంగా వచ్చే పలచబడటం, మాత్ర దానికి పనిచేయదు. రూపాయి బిళ్లంత నున్నటి మచ్చలు పడితే అది పేనుకొరుకుడు. థైరాయిడ్ ఉన్నవాళ్లలో అది కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది గానీ, దాని వైద్యం వేరు.

మన గుంటూరు ఆవిడ సంగతికి వద్దాం. ఏడో వారంలో టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించేది ఎందుకంటే, డోసు మార్చాక టీఎస్‌హెచ్ ఒక చోట కుదురుకోవడానికి అంత టైమ్ కావాలి. మూడో నెలకి చర్మం బాగుపడింది, హుషారు వచ్చింది. ఆరో నెలకి కూడా జుట్టు మాత్రం అలాగే రాలుతోంది. టీఎస్‌హెచ్ మళ్లీ చూస్తే 2.4, అంటే డోసు సరిపోయింది. ఇక్కడ డోసు పెంచమని అడగడం పెద్ద పొరపాటు, ఎందుకంటే హార్మోన్ ఎక్కువైనా జుట్టు ఊడుతుంది, పైగా గుండె దడ, ఎముకల బలం తగ్గడం కూడా తోడవుతాయి. ఆవిడ మొదట చెప్పిన నాలుగో బాధ గుర్తుందా? నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం. అది కూడా థైరాయిడ్ తగ్గితే వచ్చేదే, దాంతో ఒంట్లో ఇనుము నిల్వలు ఖాళీ అయ్యాయి. ఆ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే 9 వచ్చింది. ఐరన్ మాత్ర మొదలుపెట్టారు, థైరాయిడ్ మాత్రకి కనీసం నాలుగు గంటల ఎడంతో, ఎందుకంటే రెండూ కలిస్తే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటపట్టదు. తర్వాత నాలుగు నెలలకి నుదుటి అంచున మొన తేలిన పొట్టి వెంట్రుకలు లేచాయి. జుట్టు నెలకి పెరిగేది ఒక సెంటీమీటరే, జడ లావెక్కడానికి ఇంకా ఏడాది పైనే పడుతుంది.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తపరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ల్యాబ్‌లోనూ చెప్పండి. కొన్ని మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది, అది చూసి డోసు తగ్గించేస్తారు.

చివరిది మనసు. హార్మోన్ బాగా తగ్గినప్పుడు వచ్చే దిగులు ఎక్కువగా మందకొడితనంలా ఉంటుంది, నిద్రమత్తు, మతిమరుపు, చలి, మాట కూడా నెమ్మదించడం. ఇది అంకె సరిపడ్డాక రెండు మూడు నెలల్లో చాలావరకు తేలికపడుతుంది. కానీ టీఎస్‌హెచ్ 6 ఉన్నప్పుడు దిగులుగా ఉంటే, ఆ దిగులుకి వేరే కారణం ఉండే అవకాశమే ఎక్కువ, దానికి దాని వైద్యమే చేయించాలి. దిగులు ఎంతుందో కొలవడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, మాత్ర మొదలుపెట్టే రోజున ఒకసారి, మూడు నెలలకి ఒకసారి నింపండి. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండి కూడా స్కోరు 10 దగ్గరో పైనో నిలిచిపోతే సైకియాట్రిస్టుని కలవండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఏ అంకె కోసమూ ఆగొద్దు, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి వెంటనే ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి.

ఈ వారం హోంవర్క్: ఒక పేజీలో మూడు గళ్లు గీసి జుట్టు, చర్మం, మనసు అని రాసుకోండి. ఒక్కోదాని కింద ఈ రోజు తేదీ, లాగితే ఎన్ని వెంట్రుకలు వచ్చాయి, మోచేయి ఎలా ఉంది, స్కోరు ఎంత అని రాయండి. కిటికీ దగ్గర ఒకే వెలుతురులో పాపిడి ఫొటో కూడా తీసి పెట్టుకోండి. వచ్చే భాగంలో పొద్దున్నే మాత్ర, కాఫీ, టిఫిన్ మధ్య ఎంత ఎడం ఉండాలో చూద్దాం.