టీడీఎస్ రిటర్న్ ఆలస్యమై లేట్ ఫీజు నోటీసు వచ్చిందా? ఇప్పుడు ఫైల్ చేయడం ఇలా

"చలానాలు మూడూ కట్టేశాం కదండీ, మళ్లీ ఈ నోటీసు ఏంటి?" 2025 సెప్టెంబర్‌లో తెనాలి నుంచి ఒక పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ ఆయన ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. టీడీఎస్ లేట్ ఫీజు కట్టే చిన్న వ్యాపారుల్లో సగం మంది ఇదే మాట అంటారు. డబ్బు కట్టడం ఒక పని, ఆ డబ్బు ఎవరి పేరున కట్టామో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వడం ఇంకో పని. రెండోది చేయకపోతే మీరు కట్టిన పన్ను ప్రభుత్వ ఖాతాలో ఉంటుంది గానీ ఎవరి పాన్‌కీ చేరదు. ఈయన అద్దెకు తీసుకున్న గోడౌన్ ఓనర్ గారు అప్పటికే రెండుసార్లు అడిగారట, "బాబూ, నా 26ఏఎస్ పన్ను స్టేట్‌మెంట్‌లో నీ టీడీఎస్ కనపడట్లేదేంటి" అని. నోటీసు కన్నా ముందు వచ్చిన హెచ్చరిక అదే, ఈయన పట్టించుకోలేదు.

ఆయన కేసునే పట్టుకుని మొత్తం చెప్తాను. గోడౌన్ అద్దె నెలకు 60,000. నెలకు 50,000 దాటిన అద్దె కాబట్టి 10 శాతం చొప్పున 6,000 కోశారు. 2025 ఏప్రిల్, మే, జూన్ కలిపి 18,000. ఈ మొదటి త్రైమాసికానికి అద్దె లాంటి చెల్లింపుల టీడీఎస్ స్టేట్‌మెంట్ అయిన ఫారం 26క్యూ గడువు జులై 31. చలానాలు కట్టారు, స్టేట్‌మెంట్ మర్చిపోయారు, సెప్టెంబర్ 17న మెయిల్ చూసుకున్నారు. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. నేను చెప్పే సెక్షన్లు 2025-26 వరకు ఉన్న త్రైమాసికాలకి.)

ముందు ఆ వచ్చింది ఏ నోటీసో చూడండి

అన్నిటినీ జనం "లేట్ ఫీజు నోటీసు" అనే అంటారు కానీ అవి మూడు రకాలు. స్టేట్‌మెంట్ ఇంకా ఇవ్వని వాళ్లకి వచ్చేది గుర్తు చేసే మెయిల్. ఫలానా త్రైమాసికానికి మీ స్టేట్‌మెంట్ అందలేదు, రోజుకు 200 ఫీజు పడుతుంది అని ఉంటుంది, కట్టాల్సిన మొత్తం ఖరారై ఉండదు. రెండోది సెక్షన్ 200ఏ కింద ఇచ్చే ఇంటిమేషన్. మీరు ఆలస్యంగా ఫైల్ చేశాక దాన్ని ప్రాసెస్ చేసి పంపేది, అందులో మీ స్టేట్‌మెంట్ టోకెన్ నంబర్, కట్టాల్సిన మొత్తం ఉంటాయి, అదే డిమాండ్ నోటీసు కూడా. మూడోది టీడీఎస్ ఆఫీసర్ దగ్గర నుంచి వచ్చే పెనాల్టీ షోకాజ్, దాని సంగతి చివర్లో చెప్తాను. గుర్తుపట్టడం తేలికే: టోకెన్ నంబర్ ఉందా లేదా చూడండి. మెయిల్ నమ్మబుద్ధి కాకపోతే అందులోని లింక్ నొక్కకుండా నేరుగా ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ సైట్ ట్రేసెస్‌లో మీ టాన్‌తో, అంటే టీడీఎస్ కోసేవాళ్లకి ఇచ్చే నంబర్‌తో, లాగిన్ అయి చూసుకోండి.

ఆ త్రైమాసికంలో అసలు టీడీఎస్ కోయాల్సిన చెల్లింపే లేకపోతే భయపడక్కర్లేదు. ట్రేసెస్‌లో స్టేట్‌మెంట్ ఇవ్వకపోవడానికి డిక్లరేషన్ ఉంటుంది, అది ఇచ్చేస్తే సరి.

ఫీజు ఎంతవుతుంది

సెక్షన్ 234ఇ చెప్పేది: గడువు దాటిన ప్రతి రోజుకీ 200, కానీ ఆ స్టేట్‌మెంట్‌లోని మొత్తం టీడీఎస్‌కి మించకూడదు. మా తెనాలి ఆయనకి 18,000 సీలింగ్, అంటే 90 రోజులకి, అక్టోబర్ 29కి, మీటర్ ఆగిపోతుంది. సెప్టెంబర్ 20న ఫైల్ చేస్తే ఆగస్టు 31 రోజులు, సెప్టెంబర్ 20 రోజులు, మొత్తం 51 రోజులు, 10,200. జీతాల 24క్యూ కూడా లేటైతే దానికి లెక్క విడిగా పడుతుంది, రెండూ కలిపి చూడకండి.

అందుకే నేను మొదట అడిగేది సీలింగ్ దాటిందా లేదా అని. దాటకపోతే ప్రతి రోజూ 200 పోతోంది, కాబట్టి "ఆడిటర్ గారు ఊళ్లో లేరు, వచ్చే వారం చూద్దాం" అనే మాట 1,400 రూపాయల మాట. మాఫీ చేయించుకుందాం అని తిరిగే వాళ్లకి ఒక్క మాట: ఇది పెనాల్టీ కాదు, ఫీజు. బాంబే హైకోర్టు 2015లోనే ఈ సెక్షన్ చెల్లుతుందని చెప్పేసింది. 'సరైన కారణం ఉంది' అని తప్పించుకునే వెసులుబాటు పెనాల్టీకి ఉంది గానీ దీనికి లేదు.

వడ్డీ ఉందేమో కూడా చూడండి

ఇది చాలామంది వదిలేస్తారు, తర్వాత ఇంకో నోటీసు తెచ్చుకుంటారు. ఈయన ఏప్రిల్, మే పన్ను సరిగ్గానే కట్టారు. జూన్ 30న కోసిన 6,000 మాత్రం జులై 7కి బదులు జులై 14న కట్టారు. వారమే కదా అనుకుంటాం. కోసిన పన్నుని ఆలస్యంగా కడితే నెలకు, లేదా నెలలో కొంత భాగానికి, ఒకటిన్నర శాతం వడ్డీ, అదీ కోసిన తేదీ నుంచి. సిస్టమ్ క్యాలెండర్ నెలలు లెక్కపెడుతుంది కాబట్టి జూన్ ఒకటి, జులై ఒకటి, రెండు నెలలు, 3 శాతం, 180 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ కట్టకపోతే స్టేట్‌మెంట్ మీద డిఫాల్ట్ అని పడుతుంది.

చలానా కట్టడం

చట్టం ప్రకారం స్టేట్‌మెంట్ ఇచ్చే ముందే ఫీజు, వడ్డీ కట్టాలి. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో టాన్ లాగిన్‌తో `e-Pay Tax` లోకి వెళ్లి టీడీఎస్ చెల్లింపు ఎంచుకోండి. ఇక్కడ తప్పు జరిగే చోటు అసెస్‌మెంట్ సంవత్సరం: 2025-26లో కోసిన పన్నుకి 2026-27 పెట్టాలి. డిమాండ్ ఇంకా రాలేదు కాబట్టి మైనర్ హెడ్ 200, ఇంటిమేషన్ వచ్చాక ఆ డిమాండ్ తీర్చడానికి కడితే 400. విడదీసి రాసే పట్టికలో పన్ను గడి సున్నా వదిలేసి, వడ్డీ వడ్డీ గడిలో, లేట్ ఫీజు 234ఇ గడిలో వేయండి. పెనాల్టీ అనే గడి పక్కనే ఉంటుంది, కంగారులో అందులో వేసేవాళ్లున్నారు.

ఇంకో చిక్కు ఉంది. ఈరోజు కట్టిన చలానా, స్టేట్‌మెంట్‌కి జతచేయడానికి మీరు డౌన్‌లోడ్ చేసే చలానాల వివరాల ఫైల్ సీఎస్ఐలో వెంటనే కనపడకపోవచ్చు, ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, ఈలోగా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే 18న కట్టేటప్పుడు సెప్టెంబర్ 22 దాకా లెక్కేసి 53 రోజులకి 10,600, వడ్డీ 180, మొత్తం 10,780 కట్టించాను. చివరికి 20నే ఫైలైంది, 400 ఎక్కువ కట్టినట్టయింది. ఆయన కాస్త గొణిగారు. తక్కువ కట్టి ఇంకో చలానా, ఆపైన కరెక్షన్ స్టేట్‌మెంట్ చేయించుకోవడం కన్నా ఇదే నయం అన్నాను.

చేతిలో డబ్బు లేకపోతే? ఫీజు కట్టలేదని పోర్టల్ అప్‌లోడ్‌ని ఆపదు. కట్టి ఇవ్వడమే పద్ధతి, కానీ డబ్బు సర్దుబాటు కోసం ఇంకో పదిహేను రోజులు ఆగడం కంటే ముందు ఫైల్ చేసేసి మీటర్ ఆపడం మంచిదని నా అభిప్రాయం. ఆ తర్వాత వచ్చే ఇంటిమేషన్ 30 రోజుల్లో తీర్చేయాలి, లేకపోతే దాని మీద నెలకు ఒక శాతం వడ్డీ మొదలవుతుంది.

స్టేట్‌మెంట్ తయారుచేయడం, అప్‌లోడ్

ప్రొటీన్ అనే సంస్థ సైట్‌లో ఉచితంగా దొరికే ఆర్‌పీయూ సాఫ్ట్‌వేర్ చాలు, ఒక్క ఓనర్ అద్దె కోసం డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. కాస్త పాతకాలపు మొహం దానిది, జావా లేకపోతే తెరుచుకోదు. కొత్త వెర్షనే దించుకోండి, పాతదానితో చేసిన ఫైల్ తిరస్కరిస్తారు.

మొదటి షీట్‌లో ఫర్మ్ వివరాలు, బాధ్యుడి పాన్, ఇంతకుముందు 26క్యూ ఇచ్చి ఉంటే దాని టోకెన్ నంబర్. రెండో షీట్‌లో చలానాలు: బీఎస్ఆర్ కోడ్, చలానా సీరియల్ నంబర్, తేదీ, చలానా మీద ఎలా ఉందో అచ్చంగా అలాగే. మా కేసులో మూడు పన్ను చలానాలు, నాలుగోది ఫీజు చలానా. ఈ నాలుగోదాన్ని స్టేట్‌మెంట్‌లో చూపించి `Fee` గడిలో మొత్తం వేయకపోతే మీరు కట్టిన ఫీజు సిస్టమ్‌కి కట్టనట్టే లెక్క, మళ్లీ డిమాండ్ వస్తుంది. "కట్టాను, అయినా నోటీసు వచ్చింది" అని వచ్చే కేసుల్లో నేను మొదట వెతికేది ఈ గడినే. మూడో షీట్‌లో ఓనర్ పాన్, అద్దె, కోసిన తేదీ, రేటు. భవనం అద్దెకి సెక్షన్ కోడ్ `4IB`, యంత్రాల అద్దెకి `4IA`. పాన్ ఒక్క అక్షరం తప్పితే 20 శాతం కోయాల్సిందని తేల్చి తక్కువ కోశారంటారు, కాబట్టి ఓనర్‌ని పాన్ కార్డు ఫొటో పంపమనండి, ఫోన్‌లో చెప్పించుకోకండి.

తర్వాత సీఎస్ఐ ఫైల్ జతచేసి, ఫైల్‌లో తప్పులు పట్టే ఎఫ్‌వీయూ అనే టూల్‌తో సరిచూసుకోవాలి. తప్పులుంటే ఏ వరుసలో ఏముందో ఒక రిపోర్ట్ ఇస్తుంది, చలానా తేడాలు అక్కడే బయటపడతాయి. అంతా సరిపోతే `.fvu` ఫైల్ వస్తుంది. దాన్ని టాన్ లాగిన్‌లో `e-File` కింద ఆదాయపు పన్ను ఫారాల్లో టీడీఎస్ ఎంచుకుని అప్‌లోడ్ చేసి, డిజిటల్ సిగ్నేచర్‌తోనో ఈవీసీతోనో వెరిఫై చేయండి. అక్కడితో లేచి వెళ్లిపోకండి. అప్‌లోడ్ అయిందని వచ్చినా తర్వాత తిరస్కరించే అవకాశం ఉంది, అలా జరిగితే ఫైల్ చేయనట్టే, మళ్లీ చేసేదాకా రోజులు లెక్కలోకి వస్తాయి. మర్నాడు స్టేటస్ చూసి టోకెన్ నంబర్ రాసిపెట్టుకోండి. కొన్ని రోజులకి ట్రేసెస్‌లో డిఫాల్ట్ లేకుండా ప్రాసెస్ అయిందని కనపడితే టీడీఎస్ సర్టిఫికెట్ అయిన ఫారం 16ఏ దించి ఓనర్‌కి ఇచ్చేయండి. డిఫాల్ట్ ఉందంటే జస్టిఫికేషన్ రిపోర్ట్ అడగండి, ఎక్కడ ఎంత తేడా వచ్చిందో రూపాయితో సహా అందులో ఉంటుంది.

పెనాల్టీ సంగతి

ఫీజు కట్టాక కూడా సెక్షన్ 271హెచ్ కింద 10,000 నుంచి లక్ష దాకా పెనాల్టీ వేసే అధికారం ఆఫీసర్‌కి ఉంది. పన్ను, వడ్డీ, ఫీజు కట్టి ఏడాదిలోపు స్టేట్‌మెంట్ ఇస్తే ఈ పెనాల్టీ ఉండదనేది పాత మాట. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ ఏడాది ఒక నెలకి తగ్గింది. చాలామందికి ఇప్పటికీ తెలియదు. మా ఆయనకి ఆ నెల ఆగస్టు 31తోనే అయిపోయింది. ఇది దానంతటది పడదు, ముందు షోకాజ్ వస్తుంది, సరైన కారణం ఉంటే మాఫీ అవుతుంది. వాళ్ల అకౌంట్స్ చూసే అబ్బాయి జులైలో డెంగీతో ఆసుపత్రిలో ఉన్నాడు, అందుకే ఆలస్యమైంది. ఆ డిశ్చార్జ్ కాగితం, మూడు చలానాలు, టోకెన్ రసీదు ఒకే ఫైల్‌లో పెట్టించాను. నేను ఇది రాసే నాటికి షోకాజ్ రాలేదు, ఫైల్ మాత్రం బీరువాలో ఉంది.