కార్డు ఆటలో ఒకే పక్షం టోర్నమెంటును మింగేయకుండా సమతూకం ఎలా చేయాలి?

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల ఉండే మా తెలుగు మిత్రులం కొందరం వారాంతాల్లో కలిసి ఒక సేకరణ కార్డు ఆటను తయారు చేస్తున్నాం. అందులో నాలుగు పక్షాలు ఉన్నాయి, ఏ రెండూ ఒకే తీరులో గెలవవు. దండు చవక సైనికులను వరుసగా దించి నాలుగైదు వంతుల్లోనే ఆట ముగించాలని చూస్తుంది. కోట గోడలు పేర్చుకుని ప్రత్యర్థి అలిసిపోయేదాకా ఆగుతుంది. బేహారులు ముందు నాణేలు కూడబెట్టి, తర్వాత ఎదురులేని పెద్ద కార్డులు దించుతారు. గారడీ మాత్రం బల్ల మీద దాదాపు ఏమీ పెట్టదు. కార్డులన్నీ చేతిలో దాచుకుని, కావలసిన రెండూ కలిసిన వంతులో ఒక్క దెబ్బతో గెలుస్తుంది.

ఇలాంటి ఆటలో నలుగురికీ అన్ని చోట్లా సరిగ్గా యాభై శాతం గెలుపు రావాలని ప్రయత్నిస్తే చివరికి నాలుగూ ఒకే పక్షంలా తయారవుతాయి. ప్రతి పక్షానికీ ఒక వేట, ఒక భయం ఉండేలా చూడాలి, అంటే అది ఓడించే పక్షం ఒకటి, దాన్ని ఓడించే పక్షం ఒకటి. అది ఉందో లేదో కనుక్కోవడం, లేకపోతే తెచ్చిపెట్టడం ఎలాగో ఈ నాలుగు పక్షాల లెక్కతోనే చూద్దాం. అంకెలను లెక్కకు వీలుగా గుండ్రం చేశాను.

1. జతల వారీగా కొలవండి

నాలుగు పక్షాలకు ఆరు జతలు వస్తాయి. ఒక్కో జతను విడిగా ఆడించి ఎవరు ఎన్నిసార్లు గెలిచారో రాసుకోవాలి. నేర్పున్న ఆటగాడు ఎప్పుడూ గారడీనే పట్టుకుంటే మీరు కొలిచేది గారడీని కాదు, ఆ ఆటగాడిని. అందుకే ఒకే ఇద్దరు కూర్చుని, సగం ఆటల తర్వాత డెక్కులు మార్చుకోవాలి. మొదటి వంతు కూడా సగం సగం పంచాలి. కొత్త డెక్కుతో ఆడిన తొలి ఆటలను లెక్కలోంచి తీసేయండి. గారడీ వంటి పక్షం చేతికి అలవాటయ్యేదాకా నిజానికంటే బలహీనంగా కనిపిస్తుంది.

ఎన్ని ఆటలు కావాలి? నూరు ఆటల్లో 55 గెలిస్తే అసలు బలం 45 నుంచి 65 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఈ ఊగిసలాటను సగం చేయాలంటే ఆటలను నాలుగింతలు చేయాలి, అంటే 400 ఆటలకు ఇటూ అటూ ఐదు శాతం. చిన్న బృందానికి అంత ఓపిక ఉండదు. జతకు 200 ఆటలు ఆడామనుకుందాం. అప్పుడు ఊగిసలాట ఇటూ అటూ ఏడు. అడ్డువరుసలోని పక్షం నిలువువరుసలోని పక్షంపై గెలిచిన శాతం ఇలా ఉంది:

| | దండు | కోట | బేహారులు | గారడీ |
|---|---|---|---|---|
| దండు | 50 | 40 | 60 | 45 |
| కోట | 60 | 50 | 38 | 45 |
| బేహారులు | 40 | 62 | 50 | 48 |
| గారడీ | 55 | 55 | 52 | 50 |

2. మొత్తం గెలుపు శాతాన్ని నమ్మవద్దు

సరదా ఆటల్లో జనం తమకు నచ్చిన పక్షం పట్టుకుంటారు. మా ఆటలో గోడల బొమ్మలు బాగుంటాయి కాబట్టి కోట పట్టేవాళ్లు ఎక్కువ. ఒక పోటీలో సగం మంది కోటతో, 20 శాతం గారడీతో, మిగిలినవాళ్లు దండుతో, బేహారులతో సమానంగా 15 శాతం చొప్పున వచ్చారనుకోండి. పట్టిక ప్రకారం బేహారుల మొత్తం గెలుపు 54.1 శాతం అవుతుంది. గారడీది 53.6 దగ్గర ఆగుతుంది.

ఈ అంకెలు చూడగానే ఎవరో ఒకరు "అన్నా, బేహారులను కాస్త తగ్గించు, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి" అంటారు. తగ్గిస్తే ఏమవుతుందో చూడండి. బేహారులు మెరిసింది కోట ఎక్కువగా రావడం వల్ల. వాళ్లను బలహీనపరిస్తే కోటకు ఉన్న పెద్ద భయం పోతుంది, గారడీకి కాస్త దగ్గరగా నిలబడిన ఒక్క ప్రత్యర్థీ వెనకబడుతుంది. బహుమతి కోసం వచ్చేవాళ్లు పట్టిక చదివిన మరుక్షణం గారడీ వైపు మళ్లుతారు. మొత్తం శాతం ఎదుట ఎవరు కూర్చున్నారో చెబుతుంది, పక్షం బలం చెప్పదు.

3. ఓటమి లేని వరుస కోసం వెతకండి

గారడీ వరుసలో 55, 55, 52. భయపెట్టే అంకె ఒక్కటీ లేదు, కానీ యాభైకి దిగువన ఉన్నది కూడా ఒక్కటీ లేదు. అసలు ప్రమాదం ఇదే. ఒక పక్షం అందరిపై కొంచెం గెలిస్తే, లెక్క తెలిసినవాళ్లు ఇంకేదీ పట్టరు. బేహారులు కోటను 62 శాతం చిత్తు చేసినా ఫరవాలేదు, ఎందుకంటే వాళ్లకు దండు ఉంది.

విడివిడిగా చూస్తే గారడీ అంకెలు మూడూ ఊగిసలాట లోపలే ఉన్నాయి. మూడింటినీ కలిపితే 600 ఆటల్లో 324 గెలుపులు, అంటే 54 శాతం. సమబలమైన పక్షానికి అదృష్టం ఇంత దూరం పక్కకు లాగడం ఇరవైలో ఒకసారి జరుగుతుంది. అనుమానించడానికి ఇది చాలు, తీర్పుకు చాలదు. కాబట్టి రెండో సాక్ష్యం కావాలి: గారడీ గెలిచిన ఆటలను తీసి, ప్రత్యర్థి ఏం చేసి ఉంటే ఆగేదో రాయండి. మా కార్డుల్లో ప్రత్యర్థి చేతిని తాకగలిగేది ఒక్కటీ లేదు. దండు దాడి ఒక వంతు ఆలస్యమైతే చాలు, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. అంకె, కారణం రెండూ ఒకే వైపు చూపినప్పుడే కార్డు మీద చేయి వేయాలి. మూడో సాక్ష్యం కూడా దొరుకుతుంది. వరుసగా రెండు మూడు చిన్న పోటీలు పెట్టి, పట్టికను అందరికీ ముందే చూపించండి. గారడీ తెచ్చేవాళ్ల వాటా ప్రతిసారీ పెరుగుతుంటే సందేహం తీరుతుంది.

4. బలవంతుడిని కోయకముందు భయాన్ని ఇవ్వండి

తేలిక దారి గారడీ దెబ్బను తగ్గించడం. అన్ని జతల్లోనూ ఐదు శాతం పడిందనుకుంటే వరుస 50, 50, 47 అవుతుంది. ఇప్పుడు దానికి వేట లేదు, తెచ్చేవాడికి కారణం లేదు. నా ఉద్దేశంలో ఇది పక్షాన్ని సరిచేయడం కాదు, పెట్టెలో పెట్టి మూసేయడం.

బదులుగా దండుకు ఒక కార్డు ఇద్దాం. వేగు, ఖరీదు రెండు నాణేలు: "ప్రత్యర్థి చేతిలో ఐదు లేదా అంతకు మించి కార్డులు ఉంటే, వాటిలో ఒకటి ఎంచుకుని పారేయించు." కోట కార్డులు గోడలై బల్ల మీద ఉంటాయి, బేహారులు నాణేల కోసం కార్డులు ఖర్చు చేస్తారు. చేతిని నింపుకునేది గారడీ ఒక్కటే. షరతు అక్కడే తగులుతుంది కాబట్టి దండు మిగతా రెండు జతలు కదలవు.

ఈ కార్డును అందరూ వాడే ఉమ్మడి కార్డుగా మాత్రం చేయవద్దు. ఉమ్మడి కార్డు అన్ని డెక్కుల్లోకీ చేరుతుంది, అప్పుడు పట్టికలో ఏ గడి ఎటు జరుగుతుందో చెప్పలేం. మ్యాజిక్: ది గ్యాదరింగ్‌లో 2004 ఫిబ్రవరిలో వచ్చిన స్కల్‌క్లాంప్ రంగు లేని కార్డు కాబట్టి ఏ డెక్కులోనైనా పట్టేది. అదే ఏడాది జూన్‌లో దాన్ని స్టాండర్డ్ పోటీల్లో నిషేధించాల్సి వచ్చింది.

వేగు వచ్చాక గారడీపై దండు గెలుపు 45 నుంచి 56కి చేరిందనుకుందాం. ఇప్పుడు పోటీ ఎక్కడ స్థిరపడుతుందో చేతితోనే లెక్కించవచ్చు. దండు బేహారులను, బేహారులు కోటను, కోట దండును ఓడించే వలయం ఉంది. ఇలాంటి మూడు పక్షాల వలయంలో ఒక పక్షం వాటా మిగతా రెండింటి మధ్య ఉన్న తేడాను బట్టి వస్తుంది. కోట, బేహారుల జత యాభైకి 12 దూరంలో ఉంది కాబట్టి దండు వాటా 12. దండు, బేహారుల మధ్య 10, అది కోట వాటా. దండు, కోట మధ్య 10, అది బేహారుల వాటా. మొత్తం 32. శాతాల్లో దండు 37.5, కోట 31.25, బేహారులు 31.25.

ఈ గుంపులోకి గారడీని పంపండి. దండుపై 44, కోటపై 55, బేహారులపై 52 శాతం గెలుపులను ఆ వాటాలతో గుణించి కూడితే 49.94 వస్తుంది. యాభైకి వెంట్రుకవాసి తక్కువ. అంటే గారడీ తెచ్చినవాడు నష్టపోడు, కానీ అందరూ తెస్తే దండు లాభపడుతుంది. ఇంతకంటే సరిగ్గా కుదరాలని పట్టుబట్టకండి. పక్షాలు నాలుగు ఉన్నప్పుడు స్థిరమైన వాటాలు మామూలుగా బేసి సంఖ్య పక్షాల మధ్యే తేలతాయి, ఒకటి కాగితం మీద సున్నాకు పడిపోతుంది. అది యాభైకి అర శాతం లోపల ఉంటే బల్ల దగ్గర ఆ తేడా ఎవరికీ తెలియదు.

కోటపై బేహారుల 62 ఒక్కటి నాకు ఇంకా నచ్చలేదు. ఒక జత అరవై దాటితే కార్డులు పంచకముందే, ఎదురెవరో తెలిసినప్పుడే ఆట సగం అయిపోతుంది. అయితే ఆ 12ను తగ్గిస్తే దండు వాటా కూడా తగ్గుతుంది, గారడీకి మళ్లీ ఊపిరి ఆడుతుంది. కాబట్టి వేగు కుదురుకున్నాకే దాని జోలికి వెళ్లాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పని చేసిందో తెలియదు.

5. మారిన గడులను గడియారంతో మళ్లీ ఆడించండి

ఆరు జతలనూ మళ్లీ ఆడక్కర్లేదు. దండుకు చెందిన మూడు జతలు చాలు. గారడీతో జత పూర్తిగా, మిగతా రెండూ షరతు నిజంగా తగలడం లేదని నిర్ధారించుకునేంత మేరకు. దండు డెక్కులో వేగు ఎక్కడానికి ఏ కార్డు దిగిందో కూడా చూడండి. కోటను తాకే కార్డు దిగిపోతే ఆ జత చాటుగా మారిపోయినట్టే.

ఈసారి టోర్నమెంటు సమయం పెట్టి ఆడించాలి. ఇంట్లో కోట గంటసేపు సాగదీసి గెలవగలదు. మూడింట రెండు గెలవాలనే పోటీలో రౌండు యాభై నిమిషాలైతే అదే కోట ఒక ఆట గెలిచి, రెండోది తేలకుండానే సమయం దాటిస్తుంది. తేలని ఆటలను ఓటమిగానూ గెలుపుగానూ కలపకుండా వేరే గడిలో రాయండి. కోట జతల్లో ఆ గడి నిండుతుంటే గెలుపు శాతాన్ని ముట్టుకోకుండా, గోడలు ప్రతి వంతుకూ ఒకటి చొప్పున అరిగిపోయేలా చేయండి. గారడీపై దండు గెలుపు 60 దాటితే వేగు షరతును ఐదు నుంచి ఆరు కార్డులకు పెంచండి. నాణేల ఖరీదు మారిస్తే తేడా అవసరానికి మించి పెద్దదవుతుంది, ఎందుకంటే రెండు నాణేల కార్డుకు ఒక నాణెం అంటే సగం ఖరీదు.