సమీక్షకుల లేఖ నుంచి సవరణల పట్టిక – మూడవ పాఠం: ఒక పేరాలో ఎన్ని పనులు?

గత పాఠంలో, పరిశోధన వ్యాసంపై పత్రిక నుంచి వచ్చే సమీక్షకుల లేఖలోని వ్యాఖ్యలకు 1.1, 2.4 అన్న తీరులో సంఖ్యలు ఇచ్చాము; మొదటి అంకె ఏ సమీక్షకులో చెబుతుంది, రెండవది వారి ఎన్నో వ్యాఖ్యో చెబుతుంది. ఈసారి ఒక్క వ్యాఖ్యనే తీసుకుని, అందులో రచయిత చేయవలసిన పనులు ఎన్ని దాగి ఉన్నాయో చూద్దాం. అభ్యాసం కోసం నేను కల్పించిన 2.4వ వ్యాఖ్య ఇది:

“వ్యాయామానికీ నిద్రకూ ఉన్న సంబంధంపై ఈ అధ్యయనం ఆసక్తికరంగా ఉంది. అయితే 48 మందిని పరిశీలించి, ‘పెద్దలందరికీ’ వర్తించే నిర్ధారణకు ఎలా వచ్చారో నాకు అర్థం కాలేదు. నమూనా పరిమాణాన్ని ముందుగా లెక్కించారా? పైగా 2వ పట్టికలో 41 మందే కనిపిస్తున్నారు.”

తొందరలో ఉన్నవారు దీనిని “నమూనా చిన్నదని పరిమితుల్లో చేర్చాలి” అని కుదించేస్తారు. చూడడానికి పొందికగానే ఉంటుంది గాని, 2వ పట్టికలో కనిపించని ఏడుగురి సంగతి అందులో మాయమైపోయింది. రెండవ విడత సమీక్షలో మొదట అడిగేది దాని గురించే.

వాక్యం వెంట వాక్యం చదవండి. మొదటిది మర్యాద మాట, దానికి పని లేదు. “అర్థం కాలేదు” అన్నది ఫిర్యాదులా వినిపించినా నిజానికి సవరణ కోరడమే: నిర్ధారణను పరిశీలించిన వారి వరకే పరిమితం చేయాలి, అదే మాట సారాంశంలోనూ ఉంటే అక్కడా మార్చాలి. మూడవది ప్రశ్న. దీనికి జవాబు లేఖలో సమాధానం చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే సమీక్షకులకు వచ్చిన సందేహమే రేపు పాఠకులకూ వస్తుంది. లెక్కించి ఉంటే ఆ వివరం, లేకుంటే లెక్కించలేదన్న మాట పద్ధతుల విభాగంలో ఉండాలి. చివరి వాక్యం ఏమీ అడగదు, ఊరికే ఒక అంకెను చూపుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది అదే.

ఇప్పుడు సవరణల పట్టిక ఇలా తయారవుతుంది:

2.4అ – నిర్ధారణలోను, సారాంశంలోను “పెద్దలందరికీ” అన్న మాటను సవరించాలి.
2.4ఆ – నమూనా పరిమాణాన్ని ఎలా నిర్ణయించారో పద్ధతుల్లో రాయాలి.
2.4ఇ – 48కి, 41కి మధ్య తేడా వివరించాలి: ఆ ఏడుగురు ఏ దశలో, ఎందుకు తగ్గారు?

సమీక్షకుల అంకెలను, వారు ఎత్తిచూపిన మాటలను పట్టికలో యథాతథంగా ఉంచండి. వాటిని మన మాటల్లోకి మార్చినప్పుడే అర్థం జారిపోతుంది. రచయితకు సమ్మతం కాని అంశాన్ని కూడా కొట్టివేయకుండా, పక్కన “ఒప్పుకోవడం లేదు, కారణం” అని రాసుకోవడానికి చోటు వదలాలి.

పట్టిక సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి, పట్టికలోకి ఎక్కిన ప్రతి వాక్యాన్నీ లేఖ ప్రతిలో కొట్టివేస్తూ రండి. చివరికి మర్యాద మాటలు, వ్యాస పరిచయం మాత్రమే మిగలాలి. తరువాత పట్టిక నుంచి లేఖలోకి వెళ్ళండి. ఏ వాక్యానికీ చెందని అంశం కనిపిస్తే అది సమీక్షకులు అడిగినది కాదు, మీరు చేర్చినది.

వచ్చే పాఠంలో, ఒక సమీక్షకులు తగ్గించమన్న భాగాన్నే మరొకరు పెంచమన్నప్పుడు పట్టికలో ఎలా నమోదు చేయాలో చూద్దాం.